సగటు చెప్పని సంగతి

బల్ల మీద రెండు పుస్తకాలను నాలుగు వేళ్ల ఎడంతో పెట్టి, వాటి మీద వంతెనలా ఒక సుద్దముక్క ఆనించండి. దాని నడుముకు దారంతో చిన్న సంచి వేలాడదీసి, అందులో చెంచాడు చెంచాడుగా ఇసుక పోయండి. ముక్క టక్కున విరిగాక ఇసుకను తూచి రాసుకోండి. ఒకే డబ్బాలోంచి తీసిన 30 ముక్కలతో ఇలా చేస్తే 30 రకాల బరువులు వస్తాయి. ఒకటి ఇంకొకదానికి రెట్టింపు మోసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అదే ఒక చుట్టలోంచి కత్తిరించిన ఇనుప తీగ ముక్కలైతే అన్నీ దాదాపు ఒకే బరువు దగ్గర వంగుతాయి.

ఈ తేడాకు కారణం లోపలున్న పగుళ్లు. లోహంలో సన్నని పగులు ఉన్నా దాని మొన దగ్గర లోహం సాగుతుంది, మొన మొద్దుబారుతుంది. సెరామిక్‌కు సాగే గుణం లేదు. బలమంతా ఆ మొన మీదే కేంద్రీకరిస్తే పగులు ఒక్కసారిగా పరుగెత్తుతుంది. ఉదాహరణకు స్పార్క్ ప్లగ్గుల్లో తెల్లగా కనిపించే అల్యూమినానే తీసుకోండి. 400 మెగాపాస్కల్‌ల దగ్గర విరిగే కడ్డీలో ఆ పని చేసే లోపం దాదాపు ఒక తలవెంట్రుక మందం ఉంటుంది. లోపం నాలుగు రెట్లయితే బలం సగానికి, అంటే 200కు పడిపోతుంది. వెంట్రుక మందమున్న ఆ బుడగో గీతో ఏ కడ్డీలో ఎంతుందో, ఎక్కడుందో ముందే ఎవరూ చెప్పలేరు. అందుకే సెరామిక్ బలాన్ని ఒక్క అంకెలో చెప్పడం కుదరదు.

స్వీడన్ ఇంజినీరు వలోడి వైబుల్ 1939లో ఈ చిక్కుకు ఒక లెక్క కట్టాడు. గొలుసు ఎంత పొడవున్నా అన్నిటికన్నా బలహీనమైన లంకె దగ్గరే తెగుతుందన్నదే దాని పునాది. అది ఇలా ఉంటుంది:

P = 1 − exp[−(σ/σ₀)^m]

ఇందులో P విరిగే అవకాశం, σ మనం వేసే ఒత్తిడి. σ₀ అనేది 100 కడ్డీల్లో దాదాపు 63 విరిగిపోయే ఒత్తిడి. మిగిలిన m ను వైబుల్ మాడ్యులస్ అంటారు. ఫలితాలు ఎంత చెదిరాయో చెప్పేది అదే. m పెద్దదైతే కడ్డీలన్నీ దగ్గర దగ్గరగా విరుగుతాయి. చిన్నదైతే కొన్ని బలంగా నిలబడతాయి, కొన్ని ముందే చేతులెత్తేస్తాయి. సుద్ద, ఇటుక వంటివాటికి m చాలా తక్కువ. శ్రద్ధగా చేసిన ఇంజినీరింగ్ సెరామిక్‌కు 10 నుంచి 20 వరకు వస్తుంది.

దీన్ని కొలవడానికి ల్యాబ్‌లో 3 మిల్లీమీటర్ల మందం, 4 వెడల్పు, 45 పొడవు గల కడ్డీలను 40 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు రోలర్ల మీద పెడతారు. పైనుంచి 20 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న మరో రెండు రోలర్లతో నొక్కుతారు. 30 కడ్డీలు విరిచి, వాటి బలాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, ఒక్కోదానికి విరిగే అవకాశం కడతారు. వరుసలో i వ కడ్డీకి అది (i − 0.5)/30. ఒక అక్షం మీద ln σ, ఇంకో అక్షం మీద ln ln[1/(1−P)] వేస్తే చుక్కలు సరళరేఖలో కూర్చోవాలి. ఆ గీత వాలే m.

ఇప్పుడు రెండు బ్యాచ్‌లను పక్కపక్కన పెట్టి చూద్దాం. అంకెలు లెక్క కోసం నేను ఎంచుకున్నవి, కానీ అల్యూమినాకు తగినవే. మొదటి బ్యాచ్‌కు σ₀ 400 మెగాపాస్కల్‌లు, m 8. రెండోదానికి σ₀ 350, m 16. సగటు బలాలు 377, 339. సగటు మాత్రమే చూసే కొనుగోలుదారు మొదటి బ్యాచ్‌నే తీసుకుంటాడు.

ఆ భాగం పనిలో 200 మెగాపాస్కల్‌లు మోయాలనుకోండి. మొదటి బ్యాచ్‌లో 10,000కు 39 కడ్డీలు విరుగుతాయి. రెండోదానిలో ఒకటి, మహా అయితే రెండు. సగటు తక్కువగా ఉన్నదే 30 రెట్లు నమ్మదగినదన్నమాట. రెండు గీతలూ 306 దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి. అంతకు పైన మొదటి బ్యాచ్ మేలే, కానీ అక్కడ 100కు 11 విరుగుతున్నాయి. అలాంటి చోట ఎవరు సెరామిక్ వాడతారు?

సైజు పెరిగితే తేడా ఇంకా ముదురుతుంది. గొలుసు పొడవు పెరిగితే బలహీనమైన లంకె దొరికే అవకాశమూ పెరుగుతుంది కదా. అసలు భాగంలో ఒత్తిడి పడే పరిమాణం పరీక్ష కడ్డీకి 100 రెట్లు ఉందనుకుందాం. మొదటి బ్యాచ్ σ₀ 400 నుంచి 225కు జారుతుంది. రెండోది 350 నుంచి 262కే తగ్గుతుంది. అదే 200 మెగాపాస్కల్‌ల దగ్గర మొదటి బ్యాచ్ భాగాల్లో 100కు 32 విరుగుతాయి, రెండోదానిలో ఒకటి. కడ్డీ మీద కొలిచిన బలాన్ని ఏ మార్పూ లేకుండా పెద్ద భాగానికి అంటగట్టడం ఎంత ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది.

అయితే ఈ m ను ఎంతవరకు నమ్మాలి? 30 కడ్డీలు విరిచి 8 అని తేల్చినా అసలు విలువ సుమారు 6, 10 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 16 అని వచ్చినది 12, 19 మధ్య ఉండవచ్చు. ఇవి ఒకదానిమీదొకటి పడవు కాబట్టి తేడా నిజమనుకోవచ్చు. పదేసి కడ్డీలతోనే సరిపెడితే మొదటిది 11 దాకా పోతుంది, రెండోది 9 దాకా దిగుతుంది. అప్పుడు ఏది నమ్మదగినదో తేల్చడానికి వీల్లేదు. ఇంకో మాట: 30 కడ్డీలు నేరుగా చూపేది 100కు రెండు విరిగే ప్రాంతం దాకానే. 10,000కు ఒకటి అన్నది గీతను పొడిగించి చెప్పిన మాట. ఆ పొడిగింపు చెల్లాలంటే అన్ని కడ్డీలూ ఒకే రకం లోపం వల్ల విరిగి ఉండాలి.

అది తెలుసుకోవడానికి విరిగిన ముక్కలను పారేయకూడదు. రెండు సగాలనూ పుస్తకంలా విప్పి సూక్ష్మదర్శిని కింద పెడితే, పగులు మొదలైన చోటు చుట్టూ అద్దంలా నున్నని అర్ధవలయం కనిపిస్తుంది. దాని నడుమ ఉన్నదే దోషి. కొన్ని కడ్డీల్లో అది లోపలి బుడగ, కొన్నిటిలో అంచు దగ్గర సానరాయి గీసిన గాటు. అలా రెండు రకాలు కలిసినప్పుడు చుక్కల గీత మధ్యలో వంగుతుంది. ఆ వంపును పట్టించుకోకుండా ఒకే గీత గీసేస్తే వచ్చే m కు అర్థం లేదు. కడ్డీలు కోసేటప్పుడు అంచులు సరిగా రుద్దకపోతే మంచి బ్యాచ్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

ఈ లెక్కకు అందని సంగతి ఒకటుంది, కాలం. 2001లో తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారిలో దాదాపు 400 జిర్కోనియా బంతులు కొద్ది కాలంలోనే శరీరంలో పగిలిపోయాయి. ఆరా తీస్తే ప్రధానంగా రెండు బ్యాచ్‌లు బయటపడ్డాయి. వాటిలో జిర్కోనియా తేమకు వేగంగా ముసలిదైంది. కొత్త కడ్డీని విరిచి కట్టిన m ఆ ముసలితనాన్ని చూడలేదు. ఇప్పుడు ఇంప్లాంట్ జిర్కోనియాకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కడ్డీలను 134 డిగ్రీల ఆవిరిలో 5 గంటలు ఉంచి, ఆ తర్వాత కూడా బలం కొలవాలి.