గుర్రం టైమింగ్ అదిరింది.. మరి రేటు సరైనదేనా? స్పీడ్ లెక్క, ట్రాక్ తడి, గేటు నంబర్ వెనక అసలు కథ ఇదీ!

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో రేసుకోర్సు లేదు. కానీ కుప్పం, పలమనేరు వైపు నుంచి బెంగళూరు దగ్గరే. అందుకే అక్కడి రేసుల ముచ్చట్లు, మొబైల్‌లో తిరిగే వీడియోలు, 'పక్కా టిప్పులు' ఇక్కడి వాళ్లకు కొత్తేమీ కాదు. ఆ వీడియోల్లో ఎక్కువగా వినిపించే మాట ఒకటే.. 'పోయినసారి ఈ గుర్రం టైమింగ్ చూడండి!'

అయితే టైమింగ్ ఒక్కటే చూస్తే సరిపోదు. గెలిచే గుర్రం ఏదన్నది ఒక ప్రశ్న. దాని మీద ఇస్తున్న రేటు న్యాయమైనదా కాదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ ఒకటి కాదు. రెండో ప్రశ్నకు జవాబు ఎలా కడతారో ఒక ఉదాహరణతో చూద్దాం.

ముందు రేటు అంటే ఏంటి?

బుకీ ఒక గుర్రానికి 5/2 ఇచ్చాడనుకోండి. అంటే 100 రూపాయలు పెట్టి గెలిస్తే 250 లాభం, మీ 100తో కలిపి చేతికి 350 వస్తుంది. 100ని 350తో భాగిస్తే దాదాపు 28.6 శాతం. ఆ గుర్రం వంద సార్లు పరిగెత్తితే 28, 29 సార్లు గెలుస్తుందని ఆ రేటు చెబుతోందన్నమాట. నిజంగా అంతకంటే ఎక్కువ సార్లు గెలిచే గుర్రమైతే రేటు మీకు అనుకూలం. తక్కువ సార్లైతే బుకీకి అనుకూలం.

రేసులో ఉన్న గుర్రాలన్నింటి రేట్లనూ ఇలా శాతాల్లోకి మార్చి కూడితే 100 దాటుతుంది. 100 పైన ఉన్నదంతా బుకీ మార్జిన్. కాబట్టి రేటు చెప్పే శాతం సాధారణంగా అసలు చాన్స్ కంటే కాస్త ఉబ్బి ఉంటుందని ముందే గుర్తుపెట్టుకోవాలి.

స్పీడ్ ఫిగర్: టైమ్‌ని సరిచేసి చూడటం

ఇప్పుడు ఉదాహరణకి వద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే, నిజమైన రేసువి కావు. 1200 మీటర్ల రేసు. ఇందులో ఎర్ర గుర్రం, నల్ల గుర్రం రెండూ ఉన్నాయి, మోసే బరువు సమానం. పోయినసారి ఇదే దూరం నల్లది 1 నిమిషం 13.2 సెకన్లలో పరిగెత్తింది. ఎర్రదానికి 1 నిమిషం 14.6 సెకన్లు పట్టింది. చూడగానే నల్లదే ఫాస్ట్ అనిపిస్తుంది కదా? తేడా 1.4 సెకన్లు మరి!

కానీ ఆ రెండూ వేర్వేరు రోజుల్లో పరిగెత్తాయి. నల్లది పరిగెత్తిన రోజు ట్రాక్ గట్టిగా ఉంది. ఎర్రది పరిగెత్తిన రోజుకి ముందు వాన పడింది. అందుకే ఆ రోజు ట్రాక్ ఎంత ఫాస్ట్, ఎంత స్లో అన్నది ముందు తేల్చాలి.

పద్ధతి ఇదీ. ఒక్కో దూరానికి, ఒక్కో క్లాసు గుర్రాలకు మామూలుగా ఎంత టైమ్ పడుతుందో పాత ఫలితాల నుంచి ఒక ప్రామాణిక టైమ్ తీస్తారు. మన ఉదాహరణలో అది 1 నిమిషం 14 సెకన్లు. తర్వాత ఆ రోజు జరిగిన రేసులన్నీ వాటి వాటి ప్రామాణిక టైమ్ కంటే ఎంత ముందుగానో, ఎంత ఆలస్యంగానో ముగిశాయో చూసి సగటు కడతారు. దూరాలు వేరైతే తేడాని దూరాన్ని బట్టి సర్దుతారు.

నల్లది పరిగెత్తిన రోజు అన్ని రేసులూ సగటున 1 సెకను ముందే ముగిశాయి. కానీ నల్లది ప్రామాణికం కంటే 0.8 సెకను మాత్రమే ముందు. అంటే ఆ రోజు లెక్కలో అది 0.2 సెకను స్లో. ఎర్రది పరిగెత్తిన రోజు రేసులన్నీ సగటున 1.2 సెకన్లు ఆలస్యం. ఎర్రది మాత్రం 0.6 సెకనే ఆలస్యం. అంటే అది 0.6 సెకను ఫాస్ట్. సీన్ మొత్తం రివర్స్! ఎర్రదే 0.8 సెకను మెరుగు.

1200 మీటర్లు 72 సెకన్లలో పరిగెత్తే గుర్రం సెకనుకి దాదాపు 16.7 మీటర్లు పోతుంది. గుర్రం ఒంటి పొడవు, అంటే ఒక లెంగ్త్, దాదాపు 2.4 మీటర్లు. కాబట్టి 0.8 సెకను అంటే ఐదున్నర లెంగ్త్‌ల తేడా. ఇలా సరిచేసిన టైమ్‌నే స్పీడ్ ఫిగర్ అంటారు. అమెరికా జర్నలిస్ట్ ఆండ్రూ బేయర్ 1975లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి జనంలోకి వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కుంది. రేసు మొదట్లో అందరూ నెమ్మదిగా పరిగెత్తితే మంచి గుర్రానికి కూడా మొత్తం టైమ్ చెత్తగా వస్తుంది. కాబట్టి తక్కువ ఫిగర్ కనిపించగానే గుర్రం బాగోలేదని తీర్మానించకూడదు. రేసు వీడియో చూసి మొదటి సగం ఎలా నడిచిందో కూడా చూడాలి.

గోయింగ్: ఆ ఫిగర్ ఏ నేల మీద వచ్చింది?

ట్రాక్ గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నదే గోయింగ్. మన దేశంలో దీన్ని పెనెట్రోమీటర్ అనే పరికరంతో కొలుస్తారు. నిర్ణీత ఎత్తు నుంచి బరువు వదిలితే కడ్డీ నేలలోకి ఎంత దిగిందో ట్రాక్ మీద చాలా చోట్ల చూసి సగటు తీస్తారు. అంకె ఎక్కువైతే నేల మెత్తన, తక్కువైతే గట్టి.

మన ఎర్ర గుర్రం మంచి ఫిగర్ మెత్తటి నేల మీద వచ్చింది. ఇవాళ ట్రాక్ గట్టిగా ఉంది. రోజు సగటుతో సరిచేశాం కదా, ఇంకేం సమస్య అంటారా? ఆ సగటు ట్రాక్ వేగాన్ని మాత్రమే సరిచేస్తుంది. గుర్రం ఇష్టాన్ని కాదు. కొన్ని గుర్రాలు బురదలో మిగతావాటి కంటే తక్కువ ఇబ్బంది పడతాయి. అవి ఆ రోజు బాగా కనిపించడానికి కారణం మిగతావి తడబడటమే కావచ్చు. గట్టి నేల మీద ఎర్రదాని పాత ఫలితాలు ఉంటే వాటినే నమ్మాలి. లేకపోతే ఆధిక్యంలో కొంత కోసేయాలి. మన లెక్కలో 0.2 సెకను తీసేద్దాం. మిగిలింది 0.6.

డ్రా: గేటు నంబర్‌తో అంత తేడానా?

స్టార్టింగ్ గేటులో గుర్రం ఏ నంబర్ నుంచి బయల్దేరుతుందో అదే డ్రా. మలుపు ఉన్న రేసులో బయటి గేటు నుంచి వచ్చే గుర్రం లోపలికి చోటు దొరక్కపోతే వెడల్పుగా తిరగాలి. దాని ఖరీదు స్కూల్ లెక్కతోనే తెలుస్తుంది. మలుపు పూర్తి అర్ధవృత్తం అయితే, ఒక మీటరు బయటగా పరిగెత్తినందుకు 3.14 మీటర్లు అదనం. రెండు మీటర్లు బయటైతే 6.3 మీటర్లు, అంటే దాదాపు 0.4 సెకను. రెండున్నర లెంగ్త్‌లు గాల్లో కలిసినట్టే! మలుపు చిన్నదైతే నష్టం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఇంగ్లండ్‌లోని చెస్టర్ ట్రాక్ దాదాపు గుండ్రంగా ఉంటుంది. అందుకే అక్కడ చిన్న దూరాల్లో లోపలి గేటుకి అంత గిరాకీ.

మన ఎర్రదానికి 12 గుర్రాల్లో 11వ గేటు వచ్చింది. 0.4 తీసేస్తే ఆధిక్యం 0.2 సెకనుకి వచ్చేసింది. ఐదున్నర లెంగ్త్‌లు కాస్తా ఒకటిన్నర లెంగ్త్ అయ్యాయి.

డ్రా లెక్కల్లో జనం ఎక్కువగా బోల్తా పడేది రెండు చోట్ల. ఒకటి, ఫాల్స్ రెయిల్. గడ్డి పాడవకుండా లోపలి కంచెని కొన్ని మీటర్లు బయటికి జరుపుతారు. బెంగళూరు రేసుల రిపోర్టుల్లో ఎన్ని మీటర్లు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది రాస్తుంటారు. కంచె జరిగితే లోపలి దారే మారిపోతుంది. కాబట్టి పోయిన నెల డ్రా లెక్క ఇవాళ పనికిరాకపోవచ్చు.

రెండోది, తక్కువ రేసులు చూసి తీర్పు చెప్పడం. 12 గేట్లు, 60 రేసులు అనుకుంటే ఒక్కో గేటుకి సగటున 5 గెలుపులు రావాలి. ఏదో ఒక గేటుకి 9 వచ్చాయంటే అది లక్కీ గేటు అని వీడియో చేసేస్తారు. కానీ ఏ పక్షపాతం లేకపోయినా 12 గేట్లలో ఒకదానికి అన్ని రావడం మామూలే. పక్క పక్క గేట్లన్నీ, ఒకే దూరంలో, ఒకే కంచె స్థానంలో అదే తీరు చూపిస్తేనే నమ్మాలి.

ఇప్పుడు అసలు లెక్క

టైమ్ సరిచేసి అక్కడితో ఆగిన మనిషి ఎర్రదాని చాన్స్ 40 శాతం అనుకున్నాడు. గోయింగ్, డ్రా కూడా చూసిన మనిషి 25 శాతం అన్నాడు. సెకన్లని శాతాల్లోకి మార్చే మంత్రం ఏదీ లేదు. ఇంత ఆధిక్యం ఉన్న గుర్రాలు గతంలో వందకి ఎన్ని గెలిచాయో రాసిపెట్టుకున్న పుస్తకమే ఆధారం. చాలా దేశాల్లో ఫేవరెట్లే దాదాపు మూడింట ఒక వంతు రేసులు గెలుస్తాయి. దాన్ని బట్టి 12 గుర్రాల రేసులో 40 శాతం అనడం ఎంత పెద్ద మాటో అర్థం చేసుకోవచ్చు.

రేటు 5/2. మొదటి మనిషి లెక్కలో 350లో 40 శాతం, అంటే 100కి సగటున 140 వస్తుంది. బంపర్ ఆఫర్! రెండో మనిషి లెక్కలో 100కి 87.50 మాత్రమే వస్తుంది. అంటే రేటు న్యాయమైనది కాదు.

ఇక ఇద్దరూ మర్చిపోకూడని సంగతి ఇంకోటి ఉంది. అదే పన్ను. 2023 అక్టోబర్ 1 నుంచి గుర్రప్పందాల మీద పందెం పూర్తి మొత్తానికి 28 శాతం జీఎస్టీ పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం అయింది. ఆ పన్ను పందెం పైన వేసి వసూలు చేస్తే, 100 పందేనికి జేబులోంచి పోయేది 140. 5/2 రేటు దగ్గర నష్టం లేకుండా బయటపడాలంటేనే 40 శాతం చాన్స్ కావాలి. అంటే ఆశావాది లెక్క నూటికి నూరు శాతం నిజమైనా అతనికి మిగిలేది సున్నా. రెండో మనిషి లెక్క నిజమైతే ప్రతి 140కి సగటున 52.50 పోతుంది. 25 శాతం చాన్స్ ఉన్న గుర్రానికి పన్ను లేకపోతే 3/1 న్యాయమైన రేటు. పన్నుతో కలిపితే 460 లాభం వస్తేనే, అంటే 4.6/1 దొరికితేనే లెక్క సరిపోతుంది.

ఇంకో మాట. డ్రా, గోయింగ్ బుకీకి కూడా తెలుసు. ఆ రెండూ రేటులో ముందే కలిసి ఉంటాయి. మీకు తెలిసింది అందరికీ తెలిసిందే అయితే దాంతో లాభం రాదు.

ఏపీలో చట్టం ఏమంటోంది?

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆటేనని సుప్రీంకోర్టు 1996లో కె.ఆర్.లక్ష్మణన్ కేసులో తేల్చింది. అలాగని ఎక్కడ పడితే అక్కడ పందెం కాయొచ్చని కాదు. ఏపీ 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఆడినవాళ్లకు ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు. మొబైల్‌కి వచ్చే లింకు నొక్కి, లేదా ఊళ్లో ఎవరికో ఫోన్ చేసి కాసే పందెం రేసుకోర్సులో లైసెన్సుతో జరిగే పందెంతో సమానం కాదు. అలాంటి చోట గెలిచినా డబ్బులు ఇవ్వకపోతే అడిగే దిక్కుండదు. అప్పుడు రేటు ఎంతున్నా ఒక్కటే!