కాగితం మీద బ్యాక్‌ప్రొపగేషన్

న్యూరల్ నెట్‌వర్క్ తన తప్పు నుంచి నేర్చుకుంటుందని చాలాచోట్ల చదువుతాం. ఆ నేర్చుకోవడం ఎలా జరుగుతుందో తెలియాలంటే ఒక్కసారి చేత్తో లెక్క కట్టి చూడాలి. కావలసింది ఇంటర్మీడియట్‌లో చదివిన చెయిన్ రూల్ ఒక్కటే.

డీజిల్ లీటరుకు రూపాయి పెరిగితే, 200 లీటర్లు తాగే లారీ ట్రిప్పు ఖర్చు 200 రూపాయలు పెరుగుతుంది. ఆ లారీలో పది టన్నుల టమాటా ఉంటే, ఖర్చు రూపాయి పెరిగినప్పుడల్లా కిలోకి పదివేలో వంతు రూపాయి పడుతుంది. ఈ రెండింటినీ గుణిస్తే, డీజిల్ రూపాయి పెరిగినందుకు కిలో టమాటా మీద రెండు పైసలు పడుతుందని తేలుతుంది. చెయిన్ రూల్ చెప్పేది ఇంతే: మెట్టు మెట్టుకీ మార్పు రేటు కనుక్కుని, అన్నింటినీ గుణించాలి.

ఇప్పుడు మన బుల్లి నెట్‌వర్క్ సంగతి. ఇన్‌పుట్ x = 2. మొదటి పొరలో ఒకే న్యూరాన్, దాని వెయిట్ w1 = 0.5. ఈ న్యూరాన్ తనకు వచ్చిన సంఖ్యను సిగ్మాయిడ్ ద్వారా 0కీ 1కీ మధ్యకు తెస్తుంది. రెండో పొర వెయిట్ w2 = 2. రావలసిన జవాబు t = 1. ముందుకు లెక్కిస్తే:

```
z = w1·x = 1
h = 1/(1 + e^(-z)) = 0.7311
y = w2·h = 1.4621
E = (y - t)²/2 = 0.1068
```

రావలసింది 1, వచ్చింది 1.4621. ఇందులో w1 వల్ల ఎంత, w2 వల్ల ఎంత? దీనికి జవాబు చివరి నుంచి వెనక్కి నడిస్తేనే తేలిగ్గా దొరుకుతుంది.

ముందుగా E కి y తో ఉన్న సంబంధం. దాని అవకలజం y − t, అంటే 0.4621. y = w2·h కాబట్టి w2 కొంచెం మారితే y అందుకు h రెట్లు మారుతుంది. కనుక w2 వాలు 0.4621 × 0.7311 = 0.338.

w1 దగ్గరికి చేరాలంటే ఇంకొన్ని మెట్లు దిగాలి. y నుంచి h కి వెళ్లే మెట్టు రేటు w2, అంటే 2. h నుంచి z కి వెళ్లే మెట్టులో సిగ్మాయిడ్ అవకలజం h(1 − h), అంటే 0.1966. z నుంచి w1 కి రేటు x, అంటే 2. అన్నీ గుణిస్తే 0.4621 × 2 × 0.1966 × 2 = 0.363. ఇందులో మొదటి సంఖ్య 0.4621 ని మళ్లీ కొత్తగా కట్టలేదు, w2 కోసం కట్టిందే వాడుకున్నాం. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఒక పొర దగ్గర తేలిన సంఖ్య దాని కింది పొరకు అందుతూ పోతుంది కనుక, వెయిట్లు కోట్లలో ఉన్నా వెనక్కి ఒక్క నడక చాలు.

రెండు వాళ్లూ ధనాత్మకం, అంటే వెయిట్ పెరిగితే తప్పు పెరుగుతుంది. కాబట్టి తగ్గించాలి. అడుగు పరిమాణం 0.5 అనుకుంటే w2 = 1.831, w1 = 0.318 అవుతాయి. మళ్లీ ముందుకు లెక్కిస్తే y 1.197 కి దిగుతుంది, E 0.1068 నుంచి 0.0195 కి పడిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒకచోట తప్పటడుగు వేస్తారు. w2 ని ముందే మార్చేసి, ఆ కొత్త 1.831 తో w1 వాలు కడతారు. అప్పుడు 0.363 బదులు 0.333 వస్తుంది. తప్పు అయినా తగ్గుతూనే ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు కంటికి కనిపించదు. పట్టుకోవడానికి ఒక దారి ఉంది. మిగతావన్నీ అలాగే ఉంచి w1 ని 0.501 చేసి E కట్టండి. అది 0.106776 నుంచి 0.107140 కి పెరుగుతుంది. ఆ తేడాను 0.001 తో భాగిస్తే 0.364 వస్తుంది, మన 0.363 కి దాదాపు సమానం. ఇందుకు ఆరు దశాంశాలైనా ఉంచుకోవాలి, లేకపోతే తేడా చెరిగిపోతుంది. వాలు కట్టడానికి ఈ దారి ఒక్కటే చాలదా అంటే, ప్రతి వెయిట్‌కూ నెట్‌వర్క్ మొత్తం మళ్లీ లెక్కించాలి. తనిఖీకి మంచిది, శిక్షణకు పనికిరాదు.

చెయిన్ రూల్ సరిగ్గా వాడినా ఒక చిక్కు మిగులుతుంది. w1 = 5 తో మొదలుపెడితే z = 10, h దాదాపు 1. జవాబు 2 దగ్గరికి వస్తుంది, తప్పు 0.5 కి పెరుగుతుంది. కానీ h(1 − h) విలువ 0.000045 మాత్రమే కాబట్టి w1 వాలు 0.0002 కూడా ఉండదు. తప్పు పెద్దదైనా వెయిట్ కదలదు. సిగ్మాయిడ్ అవకలజం ఎప్పుడూ 0.25 దాటదు. పది పొరలుంటే ఆ గుణకాలే కలిసి పది లక్షల్లో ఒక వంతుకు దిగిపోతాయి. లోతైన నెట్‌వర్కుల్లో ఈ రోజుల్లో లోపలి పొరలకు సిగ్మాయిడ్ అరుదుగా వాడడానికి ఇదొక ముఖ్య కారణం.

రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ఈ పద్ధతి అందరికీ తెలిసింది. మీరూ ఒకసారి కాగితం తీసుకుని x = 1 చేసి, మిగతావి అలాగే ఉంచి లెక్కించండి. w2 వాలు 0.152, w1 వాలు 0.115 రావాలి.