డబ్బాలో ఎన్ని స్పోర్లు మిగిలాయి?

ఉప్పునీళ్లలో నింపిన పచ్చిబఠాణీల డబ్బాను ఎంతసేపు వేడి చేస్తే అందులోని సూక్ష్మజీవులన్నీ చస్తాయి? ఈ ప్రశ్నకు జవాబు లేదు. వేడికి సూక్ష్మజీవులన్నీ ఒక్కసారిగా చావవు. ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర, సమాన వ్యవధుల్లో, అప్పటికి బతికున్నవాటిలో ఒకే నిష్పత్తి చొప్పున చస్తుంటాయి. లక్ష ఉంటే కొన్ని నిమిషాల్లో పదివేలకు తగ్గుతాయి, మళ్లీ అన్ని నిమిషాలకే వెయ్యికి, ఆపైన వందకు. సంఖ్య ఎప్పటికప్పుడు పదో వంతవుతుందే గాని లెక్క ప్రకారం సున్నా కాదు. అందుకే ఫుడ్ టెక్నాలజీ పరీక్షల్లో అడిగేది ‘అన్నీ ఎప్పుడు చస్తాయి’ అని కాదు, ‘ఎన్నింటి నుంచి ఎన్నింటికి తగ్గించాలి’ అని.

ఇలా పదో వంతుకు తగ్గడానికి, అంటే తొంభై శాతం చావడానికి, పట్టే సమయమే దశాంశ తగ్గింపు కాలం. దాన్నే డి విలువ అంటారు. మొదటి సంఖ్య N0, మిగిలిన సంఖ్య N, వేడి చేసిన సమయం t అయితే లెక్క ఇది:

D = t / (log N0 − log N)

115 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 నిమిషాలు ఉంచితే ఒక రకం స్పోర్లు లక్ష నుంచి వందకు తగ్గాయనుకుందాం. లక్ష లాగరిథమ్ 5, వంద లాగరిథమ్ 2, తేడా 3. పన్నెండును మూడుతో భాగిస్తే డి విలువ 4 నిమిషాలు. ఇక్కడ వాడాల్సింది పది ఆధారంగా ఉన్న లాగరిథమ్. కాలిక్యులేటర్‌లో log బదులు ln నొక్కితే జవాబు 2.303 రెట్లు తక్కువగా వస్తుంది. చర్యావేగ స్థిరాంకం k ఇచ్చి డి విలువ అడిగితే మాత్రం ఆ 2.303 కావాలనే వస్తుంది: D = 2.303 / k.

ఉష్ణోగ్రత పెరిగితే డి విలువ పడిపోతుంది. అది పదో వంతుకు పడిపోవడానికి ఎన్ని డిగ్రీలు పెంచాలో చెప్పేది జెడ్ విలువ. అవే స్పోర్లకు 121.1 డిగ్రీల దగ్గర డి విలువ 1 నిమిషం అనుకుంటే, ఉష్ణోగ్రత తేడా 6.1 డిగ్రీలు, నాలుగు లాగరిథమ్ 0.602. ఒకదానితో ఒకటి భాగిస్తే జెడ్ విలువ 10.1, అంటే సుమారు పది. వేడికి బాగా తట్టుకునే స్పోర్లకు ఈ విలువ పది డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, విద్యార్థి లెక్కలో నలభయ్యో నాలుగో వచ్చిందంటే ఎక్కడో తప్పు దొర్లి ఉంటుంది. 121.1 అనే వింత అంకె వెనక రహస్యమేమీ లేదు. అమెరికా డబ్బా పరిశ్రమ వాడిన 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మారిస్తే వచ్చేది అదే. పాత పుస్తకాల్లో జెడ్ విలువ 18 అని కనిపిస్తే అది ఫారెన్‌హీట్ లెక్క.

ఉష్ణ మరణ కాలం అనే మాట దగ్గరే చాలామంది తడబడతారు. ఒక ఉష్ణోగ్రత దగ్గర ఇన్ని స్పోర్లున్న నమూనాలో పెరుగుదల కనిపించకుండా పోవడానికి పట్టే సమయం అది. డి విలువ మొదటి సంఖ్యను బట్టి మారదు, ఉష్ణ మరణ కాలం మారుతుంది. పదివేల స్పోర్లున్న గొట్టం కంటే పది లక్షలున్న గొట్టానికి రెండు డి విలువలంత ఎక్కువ సమయం కావాలి. 1922లో ఎస్టీ, మేయర్ ఏకంగా ఆరు వేల కోట్ల బొటులినమ్ స్పోర్లతో ప్రయోగాలు చేసి ఈ సమయాన్ని కొలిచారు. ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే ఈ బాక్టీరియాకు 121.1 డిగ్రీల దగ్గర డి విలువను ఇప్పుడు 0.21 నిమిషంగా తీసుకుంటారు. పులుపు తక్కువగా ఉండే, అంటే పీహెచ్ 4.6 దాటిన డబ్బా ఆహారాల్లో దాన్ని పన్నెండు దశాంశాలు తగ్గించాలన్నది పరిశ్రమ పాటించే కనీస కట్టుబాటు. 12ను 0.21తో గుణిస్తే 2.52 నిమిషాలు. డబ్బాకొక స్పోరు చొప్పున ఉంటే, లక్ష కోట్ల డబ్బాల్లో ఒక్కదాంట్లో మిగలవచ్చని దీని అర్థం. చిత్తూరు వైపు డబ్బాల్లో నింపే మామిడి గుజ్జుకు ఈ లెక్క అక్కర్లేదు. దాని పులుపులో ఆ స్పోర్లు మొలకెత్తలేవు, కాబట్టి వంద డిగ్రీల లోపు వేడి సరిపోతుంది.

బఠాణీలకు మాత్రం 2.52 నిమిషాలు ప్రాణరక్షణకే చాలుతాయి, సరుకు పాడవకుండా ఉండటానికి చాలవు. డబ్బాను ఉబ్బించే క్లాస్ట్రిడియం స్పోరోజెనెస్ లాంటివి ఇంకా మొండివి. వాటికి డి విలువ 1 నిమిషం అనుకుందాం. అర కిలో డబ్బాలో గ్రాముకు రెండు స్పోర్లుంటే డబ్బాకు వెయ్యి. లక్ష డబ్బాల్లో ఒకటి పాడైతే ఫర్వాలేదనుకుంటే, డబ్బాకు మిగలాల్సింది పది ఘాతం మైనస్ ఐదు. మూడు నుంచి మైనస్ ఐదు దాకా తేడా ఎనిమిది, కాబట్టి ఎఫ్ విలువ 8 నిమిషాలు. డబ్బాకు బదులు గ్రాము లెక్కన మొదలుపెట్టడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. అప్పుడు 5.3 నిమిషాలే వస్తుంది, పాడయ్యే డబ్బాలు ఐదు వందల రెట్లవుతాయి.

ఆ ఎనిమిది నిమిషాలూ డబ్బా సరిగ్గా 121.1 దగ్గరే ఉండదు. రిటార్టు, అంటే ఫ్యాక్టరీలోని పెద్ద ప్రెషర్ కుక్కర్, వేడెక్కినా డబ్బాలో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటు మెల్లగా పైకెక్కుతుంది. లెక్క అక్కడి ఉష్ణోగ్రత మీదే సాగాలి. ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా ఒక నిమిషం 121.1 దగ్గరి ఎంత భాగానికి సమానమో ఈ సూత్రం చెబుతుంది:

L = 10^((T − 121.1) / z)

ఆ చోటు 111.1 దగ్గర 4 నిమిషాలు, 116.1 దగ్గర 5, 120 దగ్గర 8 నిమిషాలు ఉందనుకుందాం. జెడ్ పది అయితే నిమిషం విలువలు వరుసగా 0.1, 0.316, 0.776. సమయాలతో గుణిస్తే 0.4, 1.58, 6.21, మొత్తం 8.19. కావలసిన ఎనిమిదికి సరిపోయింది. మొత్తం 17 నిమిషాల్లో అసలు పని చాలావరకు ఆఖరి ఎనిమిదిలోనే జరిగింది.

ఇప్పుడు థర్మామీటరు ఒక్క డిగ్రీ తప్పు చూపించి, 120 అనుకున్నది నిజానికి 119 అయిందనుకుందాం. ఆ దశలో నిమిషం విలువ 0.617కు, మొత్తం 6.91కి దిగిపోతాయి. బొటులినమ్ పరంగా భయం లేదు, 2.52ను ఎప్పుడో దాటేసింది. కానీ మిగిలే స్పోర్లు పది ఘాతం మైనస్ 3.91 అవుతాయి. లక్షకు ఒకటి పాడవ్వాల్సిన చోట సుమారు ఎనిమిది వేలకు ఒకటి ఉబ్బుతుంది. పైకి అన్ని డబ్బాలూ బాగానే ఉన్నట్టుంటాయి, వారాల తరబడి గోదాములో ఉంచితేగాని తేడా బయటపడదు.

ఈ లెక్కలన్నీ బతికున్న స్పోర్ల లాగరిథమ్ గీత తిన్నగా ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తాయి. ప్రయోగశాలలో కొన్నిసార్లు మొదట్లో అది భుజంలా వంగుతుంది, చివర్లో తోకలా సాగుతుంది. ప్రశ్నలో పట్టిక ఇచ్చి గీత గీయమంటే, మొదటి, చివరి బిందువులను మాత్రమే కలపకుండా తిన్నగా సాగిన మధ్యభాగం వాలు నుంచి డి విలువ తీయాలి. కొవ్వు, చక్కెర ఎక్కువగా ఉన్న ఆహారంలో అవే స్పోర్లు మరింత తట్టుకుంటాయి. అందువల్ల నీళ్లలో కొలిచిన డి విలువను పాయసం డబ్బాకు వాడితే, అంకెలు ఎంత శుద్ధంగా ఉన్నా, వచ్చే సమయం తక్కువైపోతుంది.