టాప్ వీడియోలు మాత్రమే చూసి కాపీ కొడితే ఏం మిస్ అవుతాం?

ఇవాళ ఎపిసోడ్ ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్‌తో మొదలుపెడదాం. ఉన్నదున్నట్టు చదువుతా వినండి.

"అన్నా, నేను ఫుడ్ ఛానెల్ పెడుతున్నా. నాకు నచ్చిన ఒక పెద్ద ఛానెల్‌లో Popular నొక్కి టాప్ 10 వీడియోలు చూశా. ఎనిమిదింటి టైటిల్‌లో రేటు ఉంది, '50 రూపాయలకే' అన్నట్టు. ఏడు వీడియోలు వేరే ఊరెళ్లి తీసినవి. అంటే ఫార్ములా దొరికినట్టే కదా? కెమెరా, గింబల్ ఈఎంఐలో తీసుకుని నెలకి మూడు ట్రిప్పులు వేద్దామనుకుంటున్నా."

తమ్ముడు కష్టపడి చూశాడు, రాసుకున్నాడు, అందులో తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే తను చూసింది గెలిచిన వీడియోలు మాత్రమే. మన దగ్గర ఎంట్రన్స్ రిజల్ట్స్ రాగానే టాపర్ల ఇంటర్వ్యూలు వస్తాయి చూడండి. "పొద్దున నాలుగింటికే లేచి చదివేవాణ్ణి" అంటారు. నాలుగింటికే లేచి ర్యాంకు రానివాళ్ళ దగ్గరికి మైకు పట్టుకుని ఎవరూ వెళ్ళరు. అందుకని నాలుగింటికి లేవడం వల్ల ర్యాంకు వచ్చిందా, లేక ఆ హాస్టల్లో అందరూ నాలుగింటికే లేస్తారా అన్నది ఆ ఇంటర్వ్యూ చూసి మనకి తెలీదు.

దీన్నే సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. మిగిలినవాటిని మాత్రమే చూసి, పోయినవాటిని లెక్కలోకి తీసుకోకపోవడం. ఎర్ర చుక్కల విమానం బొమ్మ ఇన్‌స్టాలో మీరందరూ చూసే ఉంటారు. ఆ బొమ్మ తర్వాతెప్పుడో అర్థమవడం కోసం గీసిందే గానీ, దాని వెనక మనిషి మాత్రం నిజం. అబ్రహాం వాల్డ్ అనే స్టాటిస్టీషియన్. రెండో ప్రపంచ యుద్ధం టైంలో న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలోని ఒక గ్రూపులో పనిచేశాడు. దెబ్బలు తిని కూడా తిరిగొచ్చిన విమానాల లెక్కలు చూసి, తిరిగి రానివాటి గురించి ఏం చెప్పొచ్చు అని 1943లో వరసగా నోట్స్ రాశాడు. తిరిగొచ్చిన విమానాల ఇంజిన్ మీద దెబ్బలు తక్కువ కనిపిస్తే, ఇంజిన్‌కి దెబ్బ తగిలినవి ఇంటికి రాలేదన్నమాట. ఈయన 1950లో ఇండియాకి లెక్చర్లకి వచ్చి, నీలగిరి కొండల్లో విమాన ప్రమాదంలోనే చనిపోయాడు. సరే, మన వీడియోల దగ్గరికి వద్దాం.

తమ్ముడు వేసుకున్న ప్రశ్న ఇది: "హిట్ వీడియోల్లో ఎన్నింటికి టైటిల్‌లో రేటు ఉంది?" వేసుకోవాల్సింది దీనికి తిరగేసిన ప్రశ్న: "టైటిల్‌లో రేటు ఉన్న వీడియోల్లో ఎన్ని హిట్ అయ్యాయి? రేటు లేనివాటిలో ఎన్ని?" వినడానికి రెండూ ఒకటేలా ఉంటాయి కానీ, జవాబులు చాలా తేడాగా రావచ్చు. రెండో ప్రశ్నకి జవాబు Popular లిస్టులో దొరకదు.

మరి ఎలా చూడాలి? ఛానెల్‌లో Videos ఓపెన్ చేసి Popular బదులు Latest పెట్టండి. లాస్ట్ నెలవి వదిలెయ్యండి, ఎందుకంటే వాటికి వ్యూస్ ఇంకా వస్తూ ఉంటాయి. అక్కణ్ణించి వెనక్కి వెళ్తూ వరసగా 60 వీడియోలు, ఒక్కటి కూడా వదలకుండా రాసుకోండి. "ఇది బోరింగ్, ఇది వద్దులే" అని వదిలితే మళ్ళీ మొదటికే వస్తాం. షార్ట్స్ కలపొద్దు, వాటి వ్యూస్ లెక్కే వేరు. ఫోన్లో గూగుల్ షీట్స్ చాలు. A కాలమ్‌లో టైటిల్, Bలో వ్యూస్, Cలో టైటిల్‌లో రేటు ఉంటే Y, లేకపోతే N. Dలో వేరే ఊరైతే Y, సొంత ఊరైతే N. వ్యూస్ 42K అని కనిపిస్తే 42000 అని పూర్తిగా కొట్టండి, లేకపోతే షీట్ దాన్ని నంబర్‌గా తీసుకోదు.

ఇప్పుడు మీడియన్ కావాలి. అంటే 60 వీడియోల్నీ వ్యూస్ ప్రకారం వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే నంబర్. యావరేజ్ ఎందుకు కాదంటే, ఒక్క వీడియో 20 లక్షలు కొడితే యావరేజ్ మొత్తం పైకి లేచి, మామూలు వీడియోలన్నీ ఫ్లాప్‌లా కనిపిస్తాయి.

```
=MEDIAN(B2:B61)
=COUNTIFS(C2:C61,"Y",B2:B61,">80000")
```

మొదటిది మీడియన్. రెండోది టైటిల్‌లో రేటు ఉండి 80 వేలు దాటినవి ఎన్నో లెక్కపెడుతుంది.

ఒక ఉదాహరణ వేద్దాం. ఛానెల్ ఊహించుకున్నదే, నంబర్లు నేను వేసినవే. మీడియన్ 40 వేలు వచ్చిందనుకోండి. దానికి రెట్టింపు, అంటే 80 వేలు దాటితే హిట్ అందాం. సగం కూడా రాకపోతే, అంటే 20 వేల లోపు ఉంటే ఫ్లాప్. 60లో 12 హిట్లు, 15 ఫ్లాపులు, మిగతా 33 మామూలువి.

ముందు రేటు సంగతి. 12 హిట్లలో 9 టైటిల్స్‌లో రేటు ఉంది. ఇక్కడితో ఆగిపోతే "చూశావా, ముప్పావు వంతు!" అనిపిస్తుంది. కానీ మొత్తం 60లో 45 టైటిల్స్‌లో రేటు ఉంది. 45లో 9 హిట్, అంటే 20 శాతం. రేటు లేనివి 15, అందులో హిట్ 3. అదీ 20 శాతమే. తేడా సున్నా. రేటు పెట్టడం ఆ ఛానెల్ అలవాటు, అంతే. అలవాటు హిట్‌లోనూ ఉంటుంది, ఫ్లాప్‌లోనూ ఉంటుంది.

ఇప్పుడు ట్రిప్పులు. నాకు అసలు ఇంట్రెస్టింగ్ పార్ట్ ఇదే. 60లో వేరే ఊళ్ళో తీసినవి 20. వాటిలో హిట్లు 6, అంటే 30 శాతం. సొంత ఊళ్ళో తీసిన 40లో హిట్లు 6, అంటే 15 శాతం. "అయితే ట్రిప్పు వేస్తే హిట్ ఛాన్స్ డబుల్ కదన్నా, కెమెరా కొనేయనా?" అంటాడు తమ్ముడు. ఆగు. ఫ్లాపులు కూడా చూడు. ట్రిప్ వీడియోలు 20లో 9 ఫ్లాప్, 45 శాతం. సొంత ఊరివి 40లో 6 మాత్రమే, 15 శాతం. అంటే ట్రిప్పు వీడియోని పైకీ తోస్తోంది, కిందకీ తోస్తోంది. కింద పడ్డవి ఇంకా ఎక్కువ. Popular లిస్టు పైకి వెళ్ళినవాటినే చూపిస్తుంది కాబట్టి ఆ తొమ్మిది ఫ్లాప్‌లు తమ్ముడికి కనపడనే లేదు.

పెద్ద ఛానెల్ వాళ్ళకి ఇది పర్లేదు. ఏడాదికి నలభై ట్రిప్పులు వేస్తారు, పన్నెండు హిట్టయితే మిగతావాటి ఖర్చు వచ్చేస్తుంది. తమ్ముడు మొదటి నెల వేసేది మూడు ట్రిప్పులు. ఒక్కోదానికి హిట్ ఛాన్స్ 30 శాతం అనుకుంటే, మూడింట్లో ఒక్కటీ హిట్ కాకపోయే ఛాన్స్ 0.7ని మూడుసార్లు గుణిస్తే వస్తుంది, 34 శాతం. మూడింట ఒక వంతు! అది కూడా ఆ పెద్ద ఛానెల్‌కి ఉన్న సబ్‌స్క్రైబర్లు తనకీ ఉన్నారనుకుంటేనే. ఈఎంఐ మాత్రం వ్యూస్ చూసి ఆగదు కదా.

ఇంకో మాట. ఈ నంబర్లని మరీ గట్టిగా పట్టుకోవద్దు. 15 వీడియోల్లో 3 హిట్ అన్నచోట ఇంకొక్కటి హిట్టయితే 20 శాతం కాస్తా 27 అయిపోతుంది. అందుకే 20కీ 27కీ తేడా వస్తే దాన్ని తేడా అనుకోకండి. రెండు మూడు రెట్ల తేడా ఉండి, ఇలాంటి ఇంకో ఛానెల్‌లో కూడా అదే కనిపిస్తే అప్పుడు నమ్మొచ్చు.

60 వీడియోలు రాసినా కూడా కనపడనివి కొన్ని మిగిలిపోతాయి. ఫ్లాప్ అయిన వీడియోని ఛానెల్ వాళ్ళే డిలీట్ చేసెయ్యొచ్చు, ప్రైవేట్‌లో పెట్టెయ్యొచ్చు. దీనికి చిన్న గుర్తులున్నాయి. సిరీస్‌లో పార్ట్ 14, 15 తర్వాత సడన్‌గా 17 వస్తే, 16 ఏమైందో ఆలోచించండి. కొన్ని ప్లేలిస్టుల్లో, అందుబాటులో లేని వీడియోల్ని దాచామని యూట్యూబే చెప్తుంది. ఇలాంటివి ఎక్కువుంటే మీ లెక్కలో ఫ్లాపులు నిజంగా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తున్నట్టు.

థంబ్‌నెయిల్ విషయంలో ఇంకా జాగ్రత్త. మీరు ఇవాళ చూస్తున్న థంబ్‌నెయిల్‌తోనే ఆ వీడియో హిట్టయిందని గ్యారంటీ లేదు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పైగా యూట్యూబ్ స్టూడియోలో మూడు థంబ్‌నెయిల్స్ వరకూ పెట్టి ఏది బాగా పనిచేస్తుందో టెస్ట్ చేసుకునే ఆప్షన్ కూడా ఉంది. ఓడిపోయిన రెండూ మనకి కనపడవు. క్లిక్ రేటు, ఎంతసేపు చూశారు అన్నవి కూడా వేరేవాళ్ళ ఛానెల్‌లో కనపడవు, మీ స్టూడియోలో మీవే కనిపిస్తాయి.

అసలు ఆ ఛానెల్‌ని ఎంచుకోవడంలోనే ఒక సర్వైవర్‌షిప్ ఉంది. అది బతికుంది కాబట్టే మనకి నచ్చింది. ఇదే ఫార్ములాతో మొదలుపెట్టి ఆరు నెలలకే ఆపేసినవాళ్ళ సంగతేంటి? వాళ్ళని కొంతవరకు వెతకొచ్చు. హిట్ టైటిల్‌లో ఉన్న మాటల్నే సెర్చ్‌లో కొట్టి, బాగా కిందకి స్క్రోల్ చేయండి. రెండు మూడు వందల వ్యూస్ ఉన్నవి వస్తాయి. వాటి ఛానెల్స్ ఓపెన్ చేసి, చివరి వీడియో ఎప్పుడు పెట్టారో చూడండి. అదే రేటు, అదే ట్రిప్పు, అదే "అన్‌లిమిటెడ్" అని ఉండి, ఏడాదిగా అప్‌లోడ్ లేని ఛానెల్స్ పది దొరికాయనుకోండి. టాప్ 10 లిస్టు పక్కన ఈ పదీ రాసి పెట్టుకోండి.

తమ్ముడికి నా సలహా: కెమెరా ఇప్పుడే వద్దు. ఉన్న ఫోన్‌తో మీ ఊళ్ళోనే పది వీడియోలు తియ్యి. మధ్యలో రెండు మాత్రం బస్సులో వెళ్ళొచ్చే దూరంలో పక్క ఊరివి పెట్టు. పన్నెండూ అయ్యాక నీ షీట్, నీ మీడియన్ పట్టుకుని మళ్ళీ మెసేజ్ పెట్టు, కలిసి చూద్దాం. మిగతావాళ్ళు కూడా ఏదైనా ఛానెల్‌వి 60 వీడియోలు రాసి చూశాక, టాప్ 10లో కనపడింది ఏది నిలబడింది, ఏది నిలబడలేదు నాకు పంపండి. బాగున్నవి రెండు మూడు వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద పెట్టి మాట్లాడుకుందాం. ఉంటా మరి.