అక్టోబరులో పెరిగే ధర

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక ఆసుపత్రికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తోందనుకుందాం. ఏడాదికి 10 లక్షలు, ఒప్పందం అక్టోబరు 1న మొదలు. ఆసుపత్రి ఏటా రెన్యూ చేసుకోవచ్చు, మానుకోవచ్చు. రెన్యూ చేస్తే అంతకుముందు ఏడాది ధర మీద 5 శాతం పెంపు.

రెండో ఏడాది ఇన్‌వాయిస్ 10,50,000. దానిపై 18 శాతం జీఎస్టీ 1,89,000 కలిపి ఆసుపత్రి చెల్లించేది 12,39,000. మూడో ఏడాది మూల ధర 11,02,500 అవుతుంది, 11 లక్షలు కాదు. పెంపు మొదటి ధర మీదా, నిరుటి ధర మీదా అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాయకపోతే ఈ 2,500 దగ్గరే పేచీ మొదలవుతుంది. పాత ధర, పెంపు శాతం, కొత్త ధర మూడూ ఇన్‌వాయిస్‌లో చూపడం మర్యాద అని నా అభిప్రాయం. కొత్త మొత్తం ఒక్కటే కనిపిస్తే ఆసుపత్రి అకౌంటెంట్ బిల్లు ఆపేసి ఫోన్ చేస్తాడు.

ఆదాయం అంచనాలో అసలు చిక్కు వస్తుంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. రెన్యువల్ వచ్చిన ఆ సంవత్సరంలో మొదటి ఆరు నెలలకు పాత ధరన 5 లక్షలు, తర్వాతి ఆరు నెలలకు కొత్త ధరన 5,25,000. మొత్తం 10,25,000. ఇన్‌వాయిస్ చూసి 10,50,000 అని రాసుకుంటే అంచనా 25,000 పెరిగిపోతుంది. ఇలాంటి కస్టమర్లు వందమంది ఉంటే తేడా 25 లక్షలు. పైగా రెన్యువల్ ఖాయం కాదు. ఆసుపత్రి తప్పుకుంటే పోయేది పెంపు ఒక్కటే కాదు, ఆ ఆరు నెలల 5,25,000 మొత్తం.