తొంభై లక్షల ఫ్లాటు, డెబ్బై లక్షల లెక్క

హైదరాబాద్ నిజాంపేటలో పన్నెండేళ్ల కిందట కట్టిన ఒక ఫ్లాటు అనుకుందాం. మూడో అంతస్తు, పడమర ముఖం, 1,250 చదరపు అడుగులు, ఒక కారు పార్కింగ్. యజమాని రిటైరైన ఉద్యోగి. 90 లక్షలకు తగ్గేది లేదంటున్నారు. పక్క బ్లాకులో ఎవరో ఆన్‌లైన్‌లో 88 లక్షలకు పెట్టారట. చెక్కపనికి తొమ్మిది లక్షలు పోశారు. పైగా కూతురి పెళ్లి ఉంది.

ఇందులో ఏదీ అబద్ధం కాదు. అందుకే ఏజెంటు వస్తూనే "అంత రాదు సార్" అంటే ఆ మాట ఆయనకు తన ఇంటిని తక్కువ చేసినట్టే వినిపిస్తుంది. అనుభవమున్న ఏజెంటు ముందు ఆయన చెప్పిందంతా విని, తర్వాత చుట్టుపక్కల ఈ మధ్య అమ్ముడైన ఫ్లాట్ల కాగితాలు బల్లమీద పెడతాడు. మార్కెట్ పోలిక లెక్క అంటే ఇదే. అమ్మకానికి పెట్టిన ధర ఆశ మాత్రమే. చేతులు మారిన ధరే ఆధారం.

ఆ ఆధారం దొరకడం మన దగ్గర అంత సులువు కాదు. ఈసీ తీస్తే రిజిస్టరైన మొత్తం కనబడుతుంది కానీ, కొంత నగదుగా చేతులు మారిన చోట దస్తావేజులోని అంకె అసలు ధర కన్నా తక్కువుంటుంది. అందుకే బ్యాంకు లోనుతో కొన్న ఫ్లాట్లను ముందు వెతకాలి. ఈసీలో అప్పు మొత్తం కూడా నమోదై ఉంటే, ఆ ఫ్లాటుకు బ్యాంకు ఏ మేరకు విలువ కట్టిందో అంచనాకు వస్తుంది. ఆపైన వాచ్‌మన్‌ను, అసోసియేషన్ సెక్రటరీని, కొన్నవాళ్లను అడిగి సరిచూసుకోవాలి.

మన ఉదాహరణకు మూడు అమ్మకాలు దొరికాయనుకుందాం. అదే అపార్ట్‌మెంట్‌లో తూర్పు ముఖం ఫ్లాటు, అంతే విస్తీర్ణం, 72 లక్షలు. తూర్పుకు అక్కడ రెండు లక్షలు ఎక్కువ పలుకుతుందనుకుంటే, అది తీసేస్తే 70. పక్క వీధిలో 1,200 అడుగుల పడమర ఫ్లాటు, దాదాపు అంతే పాతది, 66 లక్షలు. మనది యాభై అడుగులు పెద్దది కాబట్టి, అడుగు 5,500 చొప్పున రెండు లక్షల డెబ్బై అయిదు వేలు కలిపితే 68.75. మూడోది 1,300 అడుగులు, కట్టి ఆరేళ్లే, 80 లక్షలు. వయసు తేడాకు ఆరు, విస్తీర్ణానికి మూడు తగ్గిస్తే 71.

సవరణ ఎప్పుడూ అమ్ముడైన ఫ్లాటు ధర మీదే చేయాలి. అది మనదానికన్నా మెరుగైతే తీసేయాలి, తక్కువైతే కలపాలి. దీన్ని తిరగేస్తే లెక్కంతా తప్పుతుంది. తేడాకు ఎంత వేయాలన్నది ఆ వీధిలోని అమ్మకాలే చెప్పాలి గానీ ఏజెంటు మనసు కాదు. ఈ కూడికలు, తీసివేతలు యజమాని చేతే వేయించడం మంచిది. తన పెన్నుతో తాను రాసుకున్న 70ని ఆయన అంత తేలిగ్గా కొట్టేయలేరు.

చెక్కపనికి విలువ లేదనడం సరికాదు. కానీ కొనేవాళ్లు ఎనిమిదేళ్ల నాటి కప్‌బోర్డులకు కొత్త ధర ఇవ్వరు. అవి ఉండటం వల్ల ఫ్లాటు త్వరగా అమ్ముడవుతుంది, అదే వాటి లాభం.

అయినా ఆయన ఒప్పుకోకపోతే బ్యాంకు లెక్క చూపించాలి. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కాగితం ఇదే. బ్యాంకు వాల్యుయర్ 70 లక్షలు కట్టాడనుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య గృహ రుణానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పరిమితి 80 శాతం. అంటే 56 లక్షలకు మించి అప్పు పుట్టదు. ధర 70 అయితే కొనేవాళ్లు చేతి నుంచి 14 లక్షలు పెట్టుకోవాలి, 90 అయితే 34. రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. "సార్, ఈ ఫ్లాటు చూడటానికి వచ్చేవాళ్లలో 34 లక్షలు చేతిలో ఉన్నవాళ్లు ఎందరుంటారు?" అని అడిగి ఆగిపోవాలి. నిజంగానే అంత డబ్బున్నవాళ్లు అదే ధరలో కొత్త అపార్ట్‌మెంట్లను కూడా చూస్తారు.

యజమాని మాటే నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. పాత చిన్న అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే భూమి వాటా ఎత్తైన టవర్లలో కన్నా ఎక్కువగా ఉండొచ్చు. దస్తావేజులో ఆ గజాలు చూడకుండా అడుగు రేటు మీదే తేల్చేస్తే అమ్మేవారికి అన్యాయం జరుగుతుంది. పోల్చిన మూడు ఫ్లాట్ల వాటాలూ పక్కన రాసి పెట్టాలి.

ఇంత చూపించినా "90కే పెట్టు బాబూ" అంటే, గడువు రాయించుకుని పెట్టొచ్చు. ఫోన్లే రాకపోతే ధర దగ్గరే జనం ఆగిపోతున్నట్టు. వచ్చి చూసి రెండోసారి రాకపోతే ఆ ధరకు తగ్గట్టుగా ఇల్లు కనబడటం లేదన్నట్టు. నాలుగు వారాల్లో ఒక్క బేరమూ రాకపోతే 74కి దించుదామని మొదటిరోజే కాగితం మీద ఒప్పందం ఉండాలి. నెలల తరబడి అదే ఫ్లాటు అదే ధరకు కనబడితే, దానిలో ఏదో లోపముందని కొనేవాళ్లు అనుకుంటారు. అప్పుడు 70 కూడా గట్టిగా బేరమాడాల్సిన ధరైపోతుంది.