అమ్మ గురించి ఐదు మాటలు

పసితనంలో అమ్మతో పడిన ముడి పెద్దయ్యాక మన దగ్గరితనాలను ఎలా నడిపిస్తుందో, కొత్తగా వినేవాళ్ళకు అర్థమయ్యేలా రాయమన్నారు సంపాదకులు. దీని మీద పుస్తకాలకు కొదవ లేదు. వాటన్నిటి మధ్య నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టింది మాత్రం ఒక ప్రశ్నల కాగితం. 1980ల నడుమ అమెరికాలోని బర్కిలీలో మేరీ మెయిన్, ఆమె సహచరులు దాన్ని తయారు చేశారు. పెద్దవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గంటసేపు వాళ్ళ చిన్నతనం గురించి అడుగుతారు.

చిన్నప్పుడు మీ అమ్మకూ మీకూ మధ్య ఎలా ఉండేదో ఐదు మాటల్లో చెప్పండి అన్నది మొదట్లోనే వచ్చే ప్రశ్న. ఐదూ చెప్పాక అసలు పని మొదలవుతుంది. ఒక్కో మాటనూ మళ్ళీ పట్టుకుని, అలా అనిపించిన ఒక సందర్భం చెప్పమంటారు. నాన్న గురించీ అంతే. దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి పరిగెత్తేవారు, వాళ్ళను మొదటిసారి విడిచి ఉన్నది ఎప్పుడు, వాళ్ళు అలా ఎందుకు నడుచుకున్నారని ఇప్పుడు అనిపిస్తోంది? జవాబులన్నీ తడబాట్లతో సహా, మౌనాలతో సహా రాసుకుంటారు. బాల్యం ఎంత బాగా గడిచిందన్నదాన్ని బట్టి తీరు తేల్చరు. ఆ మనిషి దాన్ని ఎలా చెప్పుకొస్తున్నారన్నదే చూస్తారు.

నెల్లూరు తీరంలో, మైపాడుకి దగ్గర్లో పెరిగిన ఒకామెను ఊహించుకుందాం. ఆమెకు రెండేళ్ళప్పుడు తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. రెండేళ్ళకొకసారి సెలవు మీద వచ్చేది. పిల్లను పెంచింది అవ్వ. ఈ జిల్లాలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడామెకు ముప్పై ఏళ్ళు, పెళ్ళయింది. అమ్మ గురించి చెప్పిన ఐదు మాటల్లో ఒకటి 'ప్రేమ'. ఆ ప్రేమ కనిపించిన ఒక సందర్భం చెప్పమని అడిగారు. ఇక్కడి నుంచి మూడు దారులున్నాయి.

మొదటి దారిలో ఆమె, "ఏముంది, అందరి అమ్మల్లాగే. ఏమీ లోటు చేయలేదు. నాకు పెద్దగా గుర్తులేదు" అని ముగిస్తుంది. పొగడ్త పెద్దది, దాని కింద ఒక్క సంఘటనా లేదు. కాసేపటికి మరేదో ప్రశ్నకు జవాబుగా, చెయ్యి విరిగినప్పుడు అమ్మకు ఫోన్లో కూడా చెప్పలేదని తనే అంటుంది. రెండు మాటలకూ పొంతన లేదని ఆమెకు తట్టదు. దీన్ని తప్పుకునే తీరు అంటారు.

రెండో దారిలో ప్రశ్న ఒకటైతే జవాబు పదిహేను నిమిషాలు. అమ్మ తెచ్చిన గౌను దగ్గర మొదలై, చెల్లెలికి ఇచ్చిన గాజుల మీదుగా, మొన్న సంక్రాంతికి జరిగిన గొడవ దగ్గర తేలుతుంది. మధ్యలో, "నువ్వు నన్నెందుకు వదిలేశావమ్మా" అని తల్లి ఎదురుగా ఉన్నట్టే మాట్లాడుతుంది. అడిగిన సంగతి ఎక్కడో జారిపోయింది. ఇది ఆత్రపు తీరు.

మూడో దారిలో కొంచెం ఆగి, "వచ్చిన మొదటి రాత్రి నేను ఆమె దగ్గర పడుకోనని అవ్వ వెనక దాక్కున్నాను. ఆమె ఏడ్చింది, కానీ బలవంతం చేయలేదు. నాలుగో రోజుకి నేనే వెళ్ళాను. అప్పులు తీర్చడానికి వెళ్ళిందని ఇప్పుడు తెలుసు. అయినా ఆ కోపం పూర్తిగా పోలేదు" అంటుంది. మాటకు సంఘటన ఉంది, బాధ ఉంది, తల్లి వైపు నుంచి చూడగలగడమూ ఉంది. ఇది నిశ్చింత తీరు.

జరిగింది మూడు దారుల్లోనూ ఒకటే. కష్టమైన బాల్యం గడిపినవాళ్ళు కూడా మూడో దారిలో మాట్లాడగలరు, అలా మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. మరి ఈ తీరును పట్టించుకోవడం ఎందుకంటారా? 1991లో వెలువడిన ఒక లండన్ అధ్యయనంలో పరిశోధకులు ఫోనగీ, స్టీల్ దంపతులు గర్భిణులను ఇవే ప్రశ్నలు అడిగారు. పుట్టిన బిడ్డకు ఏడాది నిండాక తల్లితో దాని ముడిని పరీక్షించారు. నాలుగింట మూడు వంతుల సందర్భాల్లో, బిడ్డకు తల్లి దగ్గర నిశ్చింత ఉంటుందా లేదా అన్నది కడుపులో ఉండగా తల్లి చెప్పిన తీరుతోనే సరిపోయింది. తర్వాత ఎక్కువమందిని కలిపి చూసినప్పుడు ఈ లంకె అంత గట్టిది కాదని తేలింది. తెగిపోలేదు మాత్రం.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. ఇంగ్లండ్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ, బిడ్డ తల్లిని పట్టుకు వేలాడేది పాల కోసమే కాదు, భద్రత కోసమని వాదించారు. మేరీ ఐన్స్‌వర్త్ దాన్ని పరీక్షకు తెచ్చారు. ఏడాది బిడ్డను బొమ్మలున్న గదిలో ఉంచుతారు, తల్లి రెండుసార్లు బయటికి వెళ్ళి వస్తుంది, అంతా కలిపి ఇరవై నిమిషాలు. వెళ్ళినప్పటి ఏడుపు కన్నా, వచ్చినప్పుడు బిడ్డ చేసే పనే ముఖ్యం. దగ్గరికి వచ్చి తేరుకుని మళ్ళీ ఆటలో పడితే నిశ్చింత. చూసీ చూడనట్టు బొమ్మలతోనే ఉంటే తప్పుకోవడం. ఎత్తుకోమని ఏడ్చి, ఎత్తుకుంటే తన్నితే ఆత్రం. ఈ మూడింటిలో దేనికీ అందని గజిబిజి తీరును మెయిన్ తర్వాత చేర్చారు.

ఆ గది కన్నా ముందు ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లో చేసిన పని నాకు ఎక్కువ ఇష్టం. పాలు మాన్పించడానికి బిడ్డను కొన్నాళ్ళు బంధువుల ఇంటికి పంపే ఆనవాయితీ అక్కడ ఉందని విని, ఆ ఎడబాటును చూడ్డానికే వెళ్ళారు. వేపాకు రాసి, పిల్లను అమ్మమ్మ పక్కలో పడుకోబెట్టే మనకు ఆ సంగతి పరాయిది కాదు. ఇరవై ఆరు కుటుంబాల ఇళ్ళలో కూర్చుని ఆమె గమనించిన వాటిలో ముఖ్యమైనది, తల్లి బిడ్డ సంకేతాలను ఎంత బాగా పట్టుకుంటుందన్నది.

ఆ పట్టుకునే చేతులు ఒక్క తల్లివే కానక్కర్లేదు. బర్కిలీ కాగితంలోనూ ఒక ప్రశ్న ఉంది: చిన్నప్పుడు అమ్మానాన్నలంత దగ్గరగా ఉన్న పెద్దవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? మన తీరంలో జవాబులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయని నా నమ్మకం. తెల్లవారకముందే తండ్రి వేటకు, ఆ తర్వాత తల్లి చేపల గంపతో ఊళ్ళమీదకు వెళ్ళే పల్లెల్లో పిల్లను చూసుకునేది అవ్వే. తల్లి ఒక్కర్తినే మధ్యలో పెట్టి కట్టిన సిద్ధాంతాన్ని జర్మన్ పరిశోధకురాలు హైడీ కెల్లర్ లాంటివాళ్ళు తప్పుపట్టింది కూడా అందుకే.

పెద్దల దగ్గరితనంలో ఈ తీరు బయటపడేది భయం వేసినప్పుడు. జెఫ్రీ సింప్సన్ బృందం 83 ప్రేమజంటలతో చేసిన ఒక ప్రయోగం 1992లో వెలువడింది. కాసేపట్లో ఒళ్ళు బెదిరే పరీక్ష ఉందని అమ్మాయికి చెప్పి, ఆమెను స్నేహితుడి పక్కన కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు రహస్యంగా చిత్రీకరించారు. నిశ్చింతగా ఉండే అమ్మాయిలు భయం పెరిగేకొద్దీ అతని దగ్గరికి జరిగారు. తప్పుకునే తీరువాళ్ళు భయం పెరిగేకొద్దీ దూరం జరిగారు. అంటే భర్త ఫోన్ ఎత్తనప్పుడు ఇరవైసార్లు చేసే భార్యా, ఒంట్లో బాగోలేకపోయినా ఎవరికీ చెప్పని భర్తా చేసేది ఒకే పనే: చిన్నప్పుడు ఫలించిన ఉపాయాన్నే మళ్ళీ వాడటం.

ఫోన్‌లో వచ్చే క్విజ్ సంగతి

మీరు ఏ తీరు మనిషో రెండు నిమిషాల్లో తేల్చే క్విజ్‌లకు తాత ఒక వార్తాపత్రికలో పుట్టాడు. సిండీ హాజన్, ఫిలిప్ షేవర్ డెన్వర్‌లోని రాకీ మౌంటెన్ న్యూస్‌లో ప్రేమ గురించిన ప్రశ్నలు అచ్చువేయించి, పాఠకుల జవాబుల్లో మొదటి 620ని లెక్కగట్టి, ఫలితాలను 1987లో వెలువరించారు. సగం పైచిలుకు నిశ్చింత, పావు వంతు తప్పుకునేవాళ్ళు, మిగతావాళ్ళు ఆత్రపువాళ్ళు. పనికొచ్చే పనే, కానీ ఇలాంటి క్విజ్ ఫలితానికీ, గంటసేపటి ఆ ముఖాముఖి ఫలితానికీ పొత్తు అంతంతమాత్రం. క్విజ్‌లో మన గురించి మనమే చెప్పుకుంటాం, అదీ ఎక్కువగా ఇప్పుడు పక్కనున్న మనిషిని తలచుకుని. 'అమ్మ ప్రేమగా ఉండేది' అని గీత పెట్టిన మనిషిని ఒక్క సందర్భం చెప్పమని క్విజ్ అడగదు.